చెరపకుండా అతికే చేయి

మెట్‌పల్లి చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడకట్టు తక్కువ. ఇలాంటి ఊళ్లో ఫొటో స్టూడియో పనితనం చూడాలంటే ఒక్క పని చాలు: తల్లీపిల్లలు ఇక్కడ దిగిన ఫొటోలో, దుబాయ్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన నాన్నను నిలబెట్టడం.

నేర్పున్న చేయి ఫొటోషాప్‌లో నాన్న వెనక గోడను ఎరేజర్‌తో చెరపదు. ముందు ఆ ఫొటోను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, దానికి మాస్క్ తగిలిస్తుంది. మాస్క్ మీద నలుపు పూసినచోట బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, బూడిద రంగుకు సగం కనిపిస్తుంది. జుట్టు అంచు సర్దుతూ చెవి కొసను పోగొట్టినా తెల్ల బ్రష్ తిప్పితే చాలు. మొహం మీద ఎండ ఎక్కువుంటే కర్వ్స్‌ను విడి లేయర్‌గా పెట్టి ఆయన ఒక్కడికే క్లిప్ చేస్తారు. నాకు ముచ్చటేసేది ఈ ఓపికే.

స్మార్ట్ ఆబ్జెక్ట్ 2005లో సీఎస్2తో వచ్చింది. మామూలు లేయర్‌ను బాగా చిన్నది చేసి మళ్లీ పెంచితే మసకబారుతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో అసలు పిక్సెళ్లు లోపలే ఉంటాయి కనుక, మొదటి సైజు దాకా పెంచినా చెడదు. కానీ వాట్సాప్ పిండేసిన ఫొటోలో లేని వివరం ఎక్కణ్నుంచీ రాదు. డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పాలి. తర్వాత మంచి ఫొటో దొరికితే Replace Contents నొక్కి మార్చొచ్చు. అప్పుడు భుజం కోసినట్టు కనిపిస్తే, మాస్క్ ఇంకా పాత భంగిమకే ఉందన్నమాట. దాన్ని మళ్లీ గీయాల్సిందే.

జేపీఈజీలో లేయర్లన్నీ ఒక్కటైపోతాయి. అందుకే ప్రింటుతోపాటు పీఎస్‌డీ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి.