ఒక చుక్క కింద 48 మంది

భిలాయ్ ఉక్కు నగరంలో జరిగిన ఒక విద్యార్థుల విజ్ఞాన ప్రదర్శనలో గోడ మీద ఓ గ్రాఫు చూశాను. అడ్డంగా తల్లిదండ్రుల సగటు ఎత్తు, నిలువుగా ఎదిగిన పిల్లల ఎత్తు. కింద ‘ఫ్రాన్సిస్ గాల్టన్, 1886, 928 మంది’ అని ఉంది. అక్షరాలు చక్కగా ఉన్నాయి, స్కేలు సరిగానే ఉంది. కానీ చుక్కలు లెక్కపెడితే సుమారు నూరే! మిగిలినవారు ఏమయ్యారు?

ఎక్కడికీ పోలేదు, ఒకరి కింద ఒకరు దాగారు. గాల్టన్ ఎత్తులను అంగుళం వెడల్పున్న తరగతులుగా విభజించాడు. అందుచేత చాలామందికి ఒకే విలువ వచ్చింది. యార్డులో పేర్చిన ఉక్కు స్లాబుల దొంతరను సరిగ్గా పైనుంచి చూస్తే ఒకటుందో పదున్నాయో తెలియదు కదా! ఇదీ అంతే. తల్లిదండ్రుల సగటు 68.5 అంగుళాలున్న వరుసనే తీసుకోండి. పిల్లల ఎత్తు 69.2 దగ్గర ఉన్న చుక్క 48 మందిది. అదే వరుసలో అన్నిటికన్నా కింద ఉన్న చుక్క ఒక్కరిదే. గ్రాఫులో రెండూ సమానం! గాల్టన్ చుక్కలు పెట్టలేదు, ప్రతి గడిలోనూ సంఖ్య వేశాడు. అందుకే తల్లిదండ్రులు సగటుకు ఎంత దూరమో పిల్లలు అందులో సుమారు మూడింట రెండు వంతులే దూరమని చూడగలిగాడు. ఈ గ్రాఫులో అది కనిపించదు.

చుక్కలను పారదర్శకంగా వేస్తే? ఒక్కో చుక్క 10 శాతం నలుపు అనుకోండి. n చుక్కలు కలిస్తే నలుపు 1 − 0.9ⁿ. 34 మందికి 97 శాతం, 48 మందికి 99 శాతం. కంటికి తేడా తెలియదు. 2 శాతానికి తగ్గిస్తే అవి 50, 62 అవుతాయి. కానీ అప్పుడు ఒంటరి చుక్క మాయమవుతుంది.

ఇక్కడ పనికొచ్చేది జిట్టర్. అంటే ప్రతి చుక్కనూ యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో రెండు దిశల్లోనూ కాస్త కదపడం. ఎంత కదపాలి? 0.3 అంగుళం చాలు. అప్పుడు గుంపుల మధ్య 0.4 అంగుళం ఖాళీ మిగిలి, విలువలు తరగతులుగా ఉన్నాయని తెలుస్తుంది. అర అంగుళం దాటితే చుక్క పక్క తరగతిలోకి పోతుంది, అది అబద్ధం. చుక్కలు చిన్నవిగా ఉండాలి, లేకుంటే 48 మళ్ళీ ఒకే మచ్చ అవుతాయి.

మరో రెండు జాగ్రత్తలు. వేరే యాదృచ్ఛిక సంఖ్యలతో గ్రాఫును మళ్ళీ గీయండి. మొదట కనిపించిన ఆకారం మారిపోతే అది దత్తాంశాలది కాదు, మీరు కదిపినందువల్ల వచ్చింది. సహసంబంధం వంటి లెక్కలు మాత్రం కదపని అసలు విలువలతోనే చేయాలి.

ఆ గ్రాఫు గీసిన పిల్లలకు నా సూచన ఇదే: చుక్కలు కదపండి, ఎంత కదిపారో కింద ఒక వాక్యంలో రాయండి. అప్పుడు 928 మందీ కనిపిస్తారు.