నౌపడ ఉప్పుగట్ల మీద నాలుగు మలుపులు

కాశీబుగ్గలో రైల్వే, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు రీజనింగ్ చెప్పే ఒక మాస్టారు బోర్డు మీద రాసిన లెక్క ఇది. దిక్కుల లెక్కలు ఏ గైడులో చూసినా పేజీలకు పేజీలు ఉంటాయి. వాటిలో చాలావాటికి అంకెలు మారతాయి తప్ప ఆలోచన మారదు. ఈ లెక్కలో మాత్రం ప్రతి అంకె వెనకా ఒక పని ఉంది. అందుకే దీన్ని విప్పి చూపించాలనిపించింది.

లెక్క ఇలా ఉంటుంది. మార్చి 21 ఉదయం, సూర్యుడు పొడిచిన కాసేపటికి ఒక కూలీ నౌపడ ఉప్పు మళ్ళ గట్టు మీద నిలబడ్డాడు. అతని నీడ కుడిచేతి వైపు పడింది. తాను చూస్తున్న వైపే 70 మీటర్లు నడిచి, ఎడమకు తిరిగి 340 మీటర్లు, మళ్ళీ ఎడమకు తిరిగి 250 మీటర్లు, ఇంకోసారి ఎడమకు తిరిగి 100 మీటర్లు నడిచాడు. అక్కడ కుడికి తిరిగి ఆగాడు. బయలుదేరిన చోటు నుంచి అతను ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాడు? ఇప్పుడు ఎటు చూస్తున్నాడు?

దూరానికీ దిక్కుకూ కలిపి నాలుగు జవాబులు ఇచ్చారు: 300 మీటర్లు ఈశాన్యం, 300 మీటర్లు నైరుతి, 400 మీటర్లు నైరుతి, 420 మీటర్లు ఈశాన్యం.

ముందు స్థలం సంగతి చూడండి. ఇదే మనిషిని బారువ ఒడ్డున నిలబెట్టి ఉంటే తూర్పుకు 340 మీటర్లు నడిచేసరికి సముద్రంలో ఉండేవాడు. జీడితోటలో నిలబెడితే చెట్ల మధ్య తిన్నగా నడిచే దారి దొరకదు. ఉప్పు మళ్ళ దగ్గర మనిషి గట్టు వెంటే నడవాలి, గట్టు చివరే తిరగాలి. లంబంగా మలుపులు ఎందుకు తిరిగాడో అక్కడ వేరే చెప్పక్కర్లేదు. అడ్డంగా పోదామంటే మడిలో ఉప్పునీరుంది కాబట్టి నడిచిన దూరం వేరు, తిన్నగా ఉన్న దూరం వేరు అన్నది కూడా ఆ చోటే చెప్పేస్తుంది. పైగా చుట్టూ బయలు. పొద్దున్న నీడ పొడవుగా, స్పష్టంగా పడుతుంది.

తేదీ కూడా ఊరికే పెట్టలేదు. మామూలు గైడుల్లో 'ఉదయం' అని రాసి ఊరుకుంటారు. కానీ సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. మన పలాస, టెక్కలి అక్షాంశం దగ్గర జూన్ చివర సూర్యోదయం తూర్పు నుంచి ఇంచుమించు 25 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతుంది, డిసెంబరు చివర అంతే దక్షిణానికి. ఆ రోజుల్లో నీడ పడమటికే పడిందనడం ఉజ్జాయింపు మాట. మార్చి 21 అన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. సెప్టెంబరులో వానలకు మళ్ళలో పని ఉండదు గనక ఆ తేదీని వదిలేసి, ఉప్పు తీసే రోజుల్లోని మార్చిని పట్టుకున్నారు. ఇక్కడే నాకు ఆ మాస్టారి మీద గౌరవం పెరిగింది.

ఇక నడుద్దాం. పొద్దున్న నీడ పడమటికి పడుతుంది. పడమర కుడిచేతి వైపు ఉందంటే మనిషి దక్షిణం చూస్తున్నాడు. దక్షిణానికి 70. ఎడమకు తిరిగితే తూర్పు, 340. మళ్ళీ ఎడమ అంటే ఉత్తరం, 250. ఇంకో ఎడమ పడమర, 100. దక్షిణం వెళ్ళిన 70ని ఉత్తరం 250లోంచి తీసేస్తే 180 మిగిలింది. తూర్పు 340లోంచి పడమర 100 తీసేస్తే 240. లంబకోణ త్రిభుజంలో ఆ రెండు భుజాలకూ కర్ణం 300. అతను ఉన్నది ఈశాన్యాన. ఆఖరున కుడికి తిరిగాడు కాబట్టి ఉత్తరం చూస్తున్నాడు.

చూపు దిక్కును దూరాలతో పనిలేకుండానే సరిచూసుకోవచ్చు. మూడు ఎడమలు, ఒక కుడి. ఒక ఎడమను ఒక కుడి కొట్టేస్తుంది. మిగిలిన రెండు ఎడమలంటే మనిషి పూర్తిగా వెనక్కి తిరిగాడన్నమాట. దక్షిణం కాస్తా ఉత్తరమైంది.

అసలు పనితనం తప్పు జవాబుల్లో ఉంది. దిక్కుల లెక్కలో ఎక్కువమంది పడేది దక్షిణం చూస్తూ ఎడమకు తిరిగేచోట. కాగితం మీద దక్షిణం కింద ఉంటుంది. గీత కిందికి దిగగానే ఎడమ అన్న మాట వినపడి, కలం కాగితానికి ఎడమ అంచు వైపు, అంటే పడమటికి పోతుంది. నిజంగా దక్షిణం చూస్తూ నిలబడ్డవాడి ఎడమచెయ్యి తూర్పున ఉంటుంది. ఈ ఒక్క తప్పు చేసి, ఆ తర్వాత అన్నీ సరిగ్గా చేసినవాడి దారి చూడండి. దక్షిణం 70, పడమర 340. పడమర చూసేవాడికి ఎడమ దక్షిణం కనుక ఇంకో 250 దక్షిణానికే, ఆపైన తూర్పుకు 100. మొత్తం మీద దక్షిణం 320, పడమర 240. కర్ణం ఎంత? నిండుగా 400. మూలం కింద మిగిలిపోయే వికారపు సంఖ్య వస్తే పిల్లవాడికి అనుమానం వచ్చి మళ్ళీ చూసుకుంటాడు. 400 వస్తే నమ్మేస్తాడు. 180, 240 తీసుకున్నా, 320, 240 తీసుకున్నా కర్ణం పూర్ణసంఖ్యే కావాలి. అందుకే 70, 250 ఎంచారు. వాటి తేడా 180, మొత్తం 320. ఇలాంటి జత ఊరికే దొరకదు, కూర్చుని వెతకాలి.

420 అన్నవాడు 240నీ 180నీ కలిపేశాడు. 300 నైరుతి అన్నవాడికి దారులు రెండున్నాయి. నీడను తప్పుగా చదివి ఉత్తరం చూస్తున్నాడనుకున్నవాడికి బొమ్మంతా తలకిందులై నైరుతి వస్తుంది. లేదా అన్నీ సరిగ్గా చేసి, ఆఖరున మనిషి దగ్గర నిలబడి బయలుదేరిన చోటు వైపు చూసినవాడికీ నైరుతే వస్తుంది. క్లాసులో ఒక కుర్రాడు "నాకు నైరుతి వచ్చింది, మాస్టారూ" అంటే ఆయన "ఎక్కడ నిలబడి చూస్తున్నావురా?" అని అడిగారు. రెండో ప్రశ్న కూడా ఉన్నది ఇందుకే. నీడ తప్పు చదివినవాడు మనిషి దక్షిణం చూస్తున్నాడంటాడు. చోటు మార్చుకున్నవాడు ఉత్తరమే అంటాడు. ఏ కుర్రాడికి ఏది మళ్ళీ చెప్పాలో దాంతో తేలిపోతుంది.

ఈశాన్యం అన్న మాటకూ హద్దుంది. ఎనిమిది దిక్కుల్లో ఒక్కోదానికి 45 డిగ్రీలు వస్తాయి. తూర్పు నుంచి ఉత్తరానికి ఇరవై రెండున్నర డిగ్రీలకూ అరవై ఏడున్నరకూ మధ్య ఉంటేనే ఈశాన్యం. మన కూలీ ఉన్నది సుమారు 37 డిగ్రీల దగ్గర, నిశ్చింత. గైడుల్లో తరచుగా కనబడే 5, 12, 13 కొలతలకు కోణం సుమారు 67.4, ఒడ్డున జారబోతూ ఆగినట్టు. 7, 24, 25 కొలతలతో తూర్పుకు 7, ఉత్తరానికి 24 నడిపిస్తే వచ్చేది ఉత్తరమే, అయినా జవాబు దగ్గర ఈశాన్యం అని అచ్చువేస్తారు. మన దగ్గర ఈశాన్యం తెలియనిదేం కాదు. టెక్కలి నుంచి పలాస, పలాస నుంచి ఇచ్ఛాపురం ఈశాన్యానికే ఉన్నాయి. ఉద్దానం తీరం కూడా అలాగే ఏటవాలుగా సాగుతుంది. సముద్రం తూర్పున అని అందరం అంటాం గానీ పలాస నుంచి దగ్గరి దారిన ఒడ్డుకు వెళ్ళాలంటే ఆగ్నేయానికి నడవాలి.

దిక్కుల ప్రశ్నలు రాసే ఉపాధ్యాయులకు ఒక్క మనవి. తప్పు జవాబు ఒక్కోటీ ఏ పొరపాటు నుంచి వస్తుందో మీ కాగితం మీద పక్కనే రాసుకోండి. ఏ పొరపాటూ దొరకని జవాబును తీసేయండి.