రాజీనామా ఉత్తరంలో రెండో పేరా

నర్సు ఉద్యోగం మానేస్తూ పంపే మెయిల్‌లో మొదటి పేరా పెద్ద పనేం కాదు. ఏ వార్డు, ఏ పోస్టు, ఏ తేదీ దాకా ఉంటారు, ఎందుకు వెళ్తున్నారు: నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. అసలు పరీక్ష రెండో పేరాలో ఉంటుంది. తను చూసుకుంటున్న పనులు రేపటి నుంచి ఎవరి చేతిలోకి, ఎలా వెళ్తాయో అక్కడ చెప్పాలి.

శివ్వంపేట అమ్మాయి ఒకామె ఈ మధ్య తన డ్రాఫ్టు నాకు చూపించింది. జీఎన్‌ఎం చదివి, ఓ చిన్న ప్రైవేటు ఆస్పత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది. రెండేళ్ల రెగ్యులర్ కోర్సు కాబట్టి డ్యూటీ చేస్తూ చదవడం కుదరదు. డ్రాఫ్టు నిండా కృతజ్ఞతలే. చివర్లో ‘హ్యాండోవర్ ఇచ్చి వెళ్తాను’ అని ఒక్క ముక్క.

“కేస్ షీట్లలో అన్నీ ఉన్నాయి కదా మేడమ్, ఇంకేం రాయాలి?” అంది.

“అందులో ఉన్నవి వదిలెయ్యమ్మా. నువ్వు సెలవు పెట్టిన రోజు నీకు ఫోన్ చేసి ఏమేం అడుగుతారో అవి రాయి” అన్నాను.

ఆమెకు ముందు గుర్తొచ్చింది ఫ్రిజ్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్, పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే హెపటైటిస్-బి టీకా రెండూ అందులోనే ఉంటాయి. రెండింటికీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఆక్సిటోసిన్ వేడికి బలం కోల్పోతుంది, కానీ యాంపూల్ చూడటానికి మామూలుగానే ఉంటుంది. టీకా గడ్డకడితే పనికిరాదు, కరిగాక చూపుతో పోల్చుకోలేం. అందుకే పొద్దునా సాయంత్రం థర్మామీటర్ చూసి రాయడం, కరెంటు పోతే వాటిని కోల్డ్ బాక్సులోకి మార్చడం, టీకాకు గడ్డకట్టిన ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా చూడటం ఎవరో ఒకరి బాధ్యత కావాలి. ఇన్నాళ్లూ ఈమె అలవాటుగా చేసింది. ఎవరి డ్యూటీ లిస్టులోనూ రాసి లేదు. ఇలాంటి పనులే నర్సు వెళ్లిపోగానే ఆగిపోతాయి. తప్పు జరిగిందని బయటపడేది మందు పనిచేయనప్పుడే.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చయిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో ఈ సంగతికే ఓ అధ్యాయం కేటాయించింది. తానున్నప్పుడు జరిగే పని తాను లేనప్పుడూ జరిగేలా ఏర్పాటు చేయకపోతే మంచి నర్సింగ్ కూడా వృథా అన్నది ఆమె వాదన.

చివరికి రెండో పేరా ఇలా తేలింది:

“ఆగస్టు 30 నా చివరి పనిదినం. మొదటి వారంలో ఫ్రిజ్ రిజిస్టర్, ఎమర్జెన్సీ ట్రే గడువు తేదీల పట్టిక, రిపేరుకు వెళ్లిన సక్షన్ మెషీన్ ఫిర్యాదు వివరాలు రాసి ఇస్తాను. రెండో వారంలో మీరు నియమించిన సిస్టర్ నాతో డ్యూటీ చేస్తూ చూస్తారు. మూడో వారంలో ఆమె చేస్తారు, నేను పక్కన ఉంటాను. చివరి వారంలో ఆమె ఒక్కరే చూసుకుంటారు. నార్కోటిక్ మందుల తాళాలు, స్టాకు ఇద్దరం లెక్కపెట్టి, రిజిస్టర్‌లో ఇద్దరం సంతకం చేస్తాం.”

మూడో వారమే ముఖ్యం. చూసి నేర్చుకున్నామనుకున్నవాళ్లకు చేతికొచ్చేసరికి సందేహాలు పుడతాయి. అడగడానికి అప్పుడు మనిషి పక్కనుండాలి. చివరి వారంలోనూ రోజూ అవే ప్రశ్నలు వస్తుంటే, రాసిచ్చిన కాగితంలో ఏదో మిగిలిపోయిందని అర్థం.

రెండు మాత్రం మెయిల్‌లోకి రాకూడదు. ఒకటి పేషెంట్ల పేర్లు. నెలాఖరులో కాన్పుకు రావాల్సిన బీపీ కేసు గురించి డ్యూటీలో నోటితో చెప్పాలి, కేస్ షీటులో రాయాలి. రెండోది పాస్‌వర్డ్‌లు. తన లాగిన్ మూసేయమనాలి, కొత్త సిస్టర్‌కు కొత్తది ఇప్పించమనాలి. లేకపోతే తను వెళ్లిపోయాక కూడా తన పేరుతోనే ఎంట్రీలు పడతాయి.

కృతజ్ఞతలు వేరే మెయిల్‌గా తోటివాళ్లకు పంపమన్నాను. ‘అందరికీ ధన్యవాదాలు’ బదులు, తొలి రోజుల్లో చిన్న బిడ్డకు కాన్యులా పెట్టడం నేర్పిన సిస్టర్‌కు, రాత్రిపూట రక్తం కోసం పరుగెత్తిన వార్డ్‌బాయ్‌కి పేరుపేరునా చెప్పింది. సూపరింటెండెంట్‌కు వెళ్లే ఉత్తరం ఫైల్లోకి పోతుంది. అందులో తేదీలు, ఏర్పాట్లు చాలు.

ఆ ఉత్తరం చివరి వాక్యంలో మొహమాటం లేకుండా అడగాల్సింది ఒకటుంది: రిలీవింగ్ లెటర్‌తో పాటు అనుభవ ధ్రువపత్రం, ఆస్పత్రి దగ్గరున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఎంఎస్సీ నర్సింగ్‌కు కనీసం ఏడాది అనుభవం కావాలి. పోస్ట్ బేసిక్ దారిలో వెళ్లేవాళ్లకు కోర్సుకు ముందు చేసిన ఉద్యోగం కూడా లెక్కలోకొస్తుంది. కాబట్టి చేరిన తేదీ, వదిలిన తేదీ, పోస్టు పేరు సరిగ్గా ఉన్నాయో లేదో ఆగస్టు 30నే కౌంటర్ దగ్గర నిలబడి చదువుకోవాలి. రెండేళ్ల తర్వాత దిద్దించుకోవడానికి వెళ్తే, అప్పటి సంతకందారు అక్కడ ఉంటారన్న భరోసా లేదు.