మిరుగం దాటిన తరువాత సొసైటీ లేఖ

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం కార్యదర్శి, అంటే ఊళ్లో అందరూ ‘సొసైటీ సెక్రటరీ’ అని పిలిచే ఉద్యోగి, ఏటా రాసే కాగితాలలో అప్పుల నోటీసులు, సర్వసభ్య సమావేశపు ఆహ్వానాలు ఎక్కువగా ఉంటాయి. వాటి నడుమ వాన ఆలస్యమైన ఏడు సభ్యులకు విత్తనపు అదను గురించి రాసే లేఖ మాత్రం వేరే జాతికి చెందినది, ఎందుకంటే అందులో ఆకాశం గురించి చెప్పిన ప్రతి మాటా మరునాడు చేలో పరీక్షకు నిలుస్తుంది. అటువంటి లేఖలో ఏముండాలో తెలుసుకోవడానికి 2023 వానాకాలం తగిన ఉదాహరణ. స్థలం ఉత్తర తెలంగాణలోని నల్లరేగడి నేలలు, పంట పత్తి, కాలం జూన్ నాలుగో వారం.

లేఖ మొదట తేల్చవలసినది ‘రుతుపవనాలు వచ్చాయి’ అన్న వార్తకు ఉన్న అర్థం. భారత వాతావరణ శాఖ కేరళలో నైరుతి రుతుపవనాల ప్రవేశాన్ని ప్రకటించడానికి మే 10 తరువాత మినికాయ్ నుంచి మంగళూరు దాకా ఎంపిక చేసిన 14 కేంద్రాలలో కనీసం 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాన పడిందా అని చూస్తుంది. దానితో పాటు పడమటి గాలులు తగినంత ఎత్తు వరకు, తగినంత వేగంతో వీస్తున్నాయా, మేఘాలు తగినంత దట్టంగా ఉన్నాయా అన్నది కూడా చూస్తుంది. కేరళకు సాధారణ తేదీ జూన్ 1. ఆ ఏడు ప్రకటన జూన్ 8న వెలువడింది, అంటే సుమారుగా తెలంగాణ రైతు మిరుగమని పిలిచే మృగశిర కార్తె మొదలయ్యే రోజున. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో గడిపే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె, పునాస దుక్కులకు తొలి వాన మిరుగంలోనే పడాలన్నది ఊరి లెక్క. కేరళ తీరం తాకిన రోజే ఆదిలాబాద్ చేలు తడవవలసి ఉందంటే, ఆ ఏడు రెండు లెక్కల మధ్య దూరం ఎంతో అర్థమవుతుంది.

తీరం తాకిన తరువాత కూడా గాలి ముందుకు సాగలేదు. జూన్ 6న అరేబియా సముద్రంలో తుపానుగా మారిన బిపర్‌జాయ్ జూన్ 15న గుజరాత్‌లోని జఖౌ రేవు దగ్గర తీరం దాటేవరకు సముద్రం మీది తేమను తన చుట్టూ తిప్పుకున్నది. దక్కనుకు తేమను మోసుకురావలసిన గాలులు ఆ సుడికి లోబడ్డాయి. రుతుపవనాలు తెలంగాణలో ప్రవేశించినట్లు ప్రకటన వచ్చేసరికి జూన్ 22 అయింది, మిరుగం ముగిసి ఆరుద్ర కార్తె వచ్చింది. కార్యదర్శి ఈ కారణాన్ని నాలుగు వాక్యాలలో చెప్పి ముందుకు సాగితే చాలు. తుపాను కథ ఎంత ఆసక్తికరమైనా, సభ్యుడు లేఖ చదివేది గింజ ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికే.

గింజకు కావలసినది ప్రవేశ ప్రకటన కాదు, పదును. అంటే విత్తనం ఉబ్బి, మొలిచి, వేరు కిందికి దిగేదాకా చాలినంత తేమ నేలలో ఉండడం. వానాధారపు పత్తికి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా చెప్పే కొలత తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడిన తరువాతే విత్తుకోవాలని. లేఖలలో ఈ అంకె తరచు ఆజ్ఞలా ఒంటరిగా నిలబడుతుంది, అందుకే రైతు దానిని ఆఫీసు మాటగా తీసి పక్కన పెడతాడు. అంకె వెనుక ఉన్న లెక్క చెబితే అది చేలో కనిపిస్తుంది. ఎండిన నల్లరేగడిలో ఒక సెంటీమీటరు లోతు తడవాలంటే సుమారు 2 మిల్లీమీటర్ల నీరు కావాలి, బాగా బీటలు వారిన చోట ఇంకొంత ఎక్కువ. ఆ లెక్కన 60 మిల్లీమీటర్ల వాన దాదాపు 30 సెంటీమీటర్ల లోతుకు, అంటే జానెడుకు పైగా దిగుతుంది. 15 మిల్లీమీటర్ల జల్లు ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పత్తి గింజ పడేది నాలుగైదు సెంటీమీటర్ల లోతున. వాన వెలిసి జూన్ ఎండ కాస్తే తడి నేల మీది నుంచి మొదటి రెండు మూడు రోజులు రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది, కనుక చిన్న జల్లుతో తడిసిన పొర మూడు నాలుగు రోజుల్లో పైనుంచి గింజ ఉన్న మట్టం దాకా ఆరుతుంది, మొలక రావడానికి మాత్రం వారం దగ్గర పడుతుంది.

పొడి దుక్కిలో గింజలు వేసే పద్ధతిని లేఖలు సాధారణంగా ఒక్క మాటతో తప్పుపడతాయి. అది రైతు బుద్ధికి అన్యాయం. వాన పడ్డ మరునాడు ఊరంతా ఒకేసారి కూలీల కోసం పరుగెత్తుతుంది, నల్లరేగడి జిగురెక్కితే రెండు మూడు రోజులు చేలో కాలు పెట్టడానికి ఉండదు. ముందే వేసిన గింజ తొలి వానకే మొలిచి వారం ముందుకు పోతుంది. పూర్తిగా పొడిగా ఉన్న మట్టిలో పొడిగింజ కొన్నాళ్లు పాడుకాకుండా ఉంటుంది కూడా. అసలు ప్రమాదం ఎండలో కంటే అరకొర వానలో ఉంది: 10, 15 మిల్లీమీటర్లకు గింజ నీరు పీల్చి ఉబ్బుతుంది, లోపల మొలక కదులుతుంది, ఆ తరువాత మట్టి ఆరిపోతే కదిలిన మొలక మళ్లీ నిద్రలోకి పోలేదు, అక్కడే మాడిపోతుంది. రైతు చేను తవ్వి చూస్తే తొక్క పగిలి, తెల్లని మొన నల్లబడిన గింజలు కనిపిస్తాయి. గింజ గట్టిగా, తొక్క పగలకుండా ఉంటే మాత్రం ఆశ ఉన్నట్లే, మళ్లీ విత్తడానికి తొందరపడనక్కరలేదు. ఈ తేడాను రాసిన లేఖ ఒక్కటి ఉంటే చాలామంది అనవసరంగా రెండోసారి ప్యాకెట్లు కొనే పని తప్పుతుంది.

ఖర్చు లెక్క కూడా లేఖలోనే ఉండాలి. 2023లో బీటీ పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధర 853 రూపాయలు. ఎకరాకు రెండు ప్యాకెట్ల చొప్పున మూడెకరాల రైతుకు ఆరు ప్యాకెట్లు, అంటే 5,118 రూపాయలు. సగం చేను మొలవకపోతే ఇంకో మూడు ప్యాకెట్లకు 2,559 రూపాయలు, పైగా అచ్చు తీయడానికి, గింజ పెట్టడానికి మళ్లీ కూలి. విత్తనం అమ్మే సంఘమే ఆగమని చెప్పడం కొంత విచిత్రంగా కనిపించవచ్చు, కానీ ఆ విత్తనానికి అప్పిచ్చినది కూడా అదే సంఘం కనుక ఆగమని చెప్పడంలో దాని లాభం కూడా ఉందని కార్యదర్శి దాచనవసరం లేదు.

మిగిలిన ప్రశ్న, 60 మిల్లీమీటర్లు పడ్డాయని ఎవరు చెప్పాలన్నది. మండల కేంద్రంలోని వర్షమాపకం చూపిన అంకె అయిదు కిలోమీటర్ల అవతలి చేనుకు వర్తించకపోవచ్చు. తొలకరి వానలు ఊరి ఒక కొసన కురిసి మరో కొసను వదిలేస్తాయి. నిలువు గోడల డబ్బా ఒకటి చెట్టుకు, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి, అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో ఏ రోజుకా రోజు ఉదయమే కొలిస్తే చాలు. మూతి, అడుగు ఒకే వెడల్పుతో ఉంటే ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీరు నిలిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. అయితే నల్లరేగడి విషయంలో డబ్బా కూడా మోసం చేస్తుంది, వేసవిలో నోళ్లు తెరిచిన బీటల గుండా తొలివాన నేరుగా లోపలికి జారిపోవడం వల్ల డబ్బాలో 40 ఉన్నా పెళ్ల లోపల పొడిగానే ఉంటుంది. కనుక చివరి తీర్పు గడ్డపారదే. జానెడు లోతు తవ్వి, అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కాలి: ముద్ద కట్టి, కింద వదిలితే విరిగిపోతే పదును ఉన్నట్లు, పొడిగా రాలితే ఇంకో వాన రావాలి, వేళ్లకు బంకలా అంటుకుంటే ఆ రోజు విత్తడం తగదు, ఎందుకంటే తడిమట్టిలో తొక్కుడుపడ్డ సాలు ఆరి గట్టిపడితే మొలక పైకి రాలేదు. పై తడికి, లోతు తడికి మధ్య పొడి పట్టీ ఉందేమో చూడడం మరవకూడదు. ఆ పట్టీ ఉంటే వేరు దానిని దాటదు.

ఆగమని చెప్పిన లేఖ ఎప్పటివరకు ఆగాలో కూడా చెప్పాలి, అది లేకుంటే సలహా సగమే. వానాధారపు పత్తికి సాధారణంగా చెప్పే కడపటి తేదీ జూలై 20, పునర్వసు కార్తె ముగిసే వేళ. ఆ తరువాత వేసిన చేనులో కాయ పట్టే కాలం చలిలోకి, బెట్టలోకి జరుగుతుంది, గులాబీ రంగు పురుగు ఒత్తిడి ఎక్కువవుతుంది, చివరి తీతలు చేతికి రావు. జూలై మొదటి పక్షంలో పదును దొరికితే మొక్క గుబురుగా పెరిగే కాలం తగ్గుతుంది కనుక సాళ్లలో మొక్కల మధ్య దూరం కొంత తగ్గించి విత్తడం, పత్తి సాళ్ల మధ్య అక్కడక్కడా కంది సాలు వేయడం మేలు. 20 దాటితే పత్తి ఆశ వదిలి కందికి, ఇంకా ఆలస్యమైతే ఆముదానికి మళ్లాలి. పత్తి ప్యాకెట్ కొని ఇంట్లో పెట్టుకున్న రైతుకు ఇది నచ్చే మాట కాదు, అయినా తేదీని గట్టిగా రాయక తప్పదు.

2023లో ఆ తేదీకి ముందే ఆకాశం తీరు మారింది. జూలై మూడో వారం నుంచి ఉత్తర తెలంగాణలో కుండపోత మొదలై, 26వ తేదీ నుంచి 27వ తేదీ ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదయ్యాయి. ఆలస్యంగా విత్తి రెండు మూడు ఆకుల దశలో ఉన్న పత్తికి ఇప్పుడు నీటి కొరత లేదు, వేర్ల దగ్గర గాలి లేదు. ఆకులు పసుపుబారితే ముందు చేసేది ఎరువు చల్లడం కాదు, పల్లపు వైపు కాలువ తీసి నిలిచిన నీటిని బయటికి పంపడం. వెంటనే వచ్చిన ఆగస్టులో దేశవ్యాప్తంగా వాన సాధారణం కంటే 36 శాతం తగ్గి, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు లేదనిపించుకున్నది. జూన్‌లో రాసిన లేఖ ఈ రెండింటిలో దేనినీ ముందే చూడలేదు, చూడగలదని నటించనూ కూడదు. అది చెప్పగలిగినది గింజ నేలలో పడే రోజు వరకే, కాలువలకు ఒక లేఖ, బెట్టకు ఇంకొకటి, ఆయా వారాల్లో విడిగా రాయవలసినవే.