20 మిల్లీగ్రాముల దగ్గర ఆగిన చేయి

కిడ్నీ రోగుల కొలెస్టరాల్ మందుల పట్టికలో అటోర్వాస్టాటిన్ ఎదురుగా ఒక చిన్న అంకె ఉంటుంది: 20. గుండెపోటు వచ్చినవాళ్లకు ఇదే మందును 40, 80 మిల్లీగ్రాములు రాయడం మనకు తెలుసు. పైగా ఈ మందు శరీరం నుంచి బయటికి పోయేది చాలావరకు కాలేయం, పిత్తం ద్వారానే. మూత్రంలోకి వచ్చేది 2 శాతం కూడా ఉండదు. కిడ్నీ పాడైనా రక్తంలో మందు పేరుకుపోదు కాబట్టి మోతాదు తగ్గించక్కర్లేదని మందు కంపెనీ కాగితమే చెబుతుంది. అయినా ఆ పట్టిక రాసినవాళ్లు 20 దగ్గరే ఆగారు. ఎందుకు ఆగారో వెతుకుతూ వెళ్తే, వైద్యంలో నేను చదివిన అతి నిజాయితీగల రచనల్లో ఒకటి ఎలా తయారైందో తెలిసింది.

ఆ పట్టిక ఉన్నది 2013 నవంబరులో కేడీగో ప్రచురించిన లిపిడ్ మార్గదర్శకంలో. కిడ్నీ జబ్బుల వైద్యానికి అంతర్జాతీయ స్థాయిలో సూచనలు రాసే సంస్థ అది. ఈ రచనకు ఇద్దరు సారథులు: కెనడాకు చెందిన మార్సెల్లో టొనెల్లి, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌కు చెందిన క్రిస్టోఫ్ వానర్. వీళ్లలో వానర్ కథ ముందు తెలియాలి.

షుగర్ ఉండి డయాలసిస్ మీద బతుకుతున్న 1,255 మందిపై వానర్ బృందం జర్మనీలో ఒక పరీక్ష చేసింది. 4డీ అన్న పేరుతో 2005లో దాని ఫలితాలు వచ్చాయి. సగం మందికి అటోర్వాస్టాటిన్ 20, మిగతా సగానికి మందు లేని మాత్ర. చెడు కొలెస్టరాల్ ఎల్‌డీఎల్ 42 శాతం పడిపోయింది. మందు తన పని తాను చేసింది. కానీ గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి లెక్కిస్తే రెండు గుంపుల మధ్య నమ్మదగినంత తేడా లేదు. నాలుగేళ్ల తర్వాత అనేక దేశాల్లో 2,776 మంది డయాలసిస్ రోగులకు రోసువాస్టాటిన్ 10 ఇచ్చి చూసిన అరోరా పరీక్షలోనూ అంతే: ఎల్‌డీఎల్ 43 శాతం తగ్గింది, గుండె ప్రమాదాలు తగ్గలేదు.

డయాలసిస్ దశకు వచ్చేసరికి గుండెను చంపే కారణాలు మారిపోవడమే దీనికి మూలం. రక్తనాళంలో కొవ్వు గడ్డ పగిలి వచ్చే మామూలు గుండెపోటు ఉంటుంది గానీ, దాని వాటా చిన్నదవుతుంది. ఏళ్ల తరబడి బీపీతో దళసరెక్కిన గుండె కండరం, సున్నం పట్టి బిగుసుకున్న రక్తనాళాలు, రెండు డయాలసిస్‌ల మధ్య ఎగిసిపడే పొటాషియం, ఒంట్లో నిలిచిపోయే నీరు పెద్ద కారణాలవుతాయి. గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవడాన్ని స్టాటిన్ ఆపలేదు. ఈ దశలో కొలెస్టరాల్ అంకె కూడా మోసం చేస్తుంది. తిండి సయించక, లోపల వాపు ప్రక్రియ నడుస్తూ కృశించిపోయిన రోగికి కొలెస్టరాల్ తక్కువగా వస్తుంది. అలాంటివాళ్లకే చావు ముప్పు ఎక్కువ. బయట మంచి వార్త అనిపించే అంకె ఇక్కడ చెడు కబురు కావచ్చు.

డయాలసిస్‌కు ముందున్న రోగుల సంగతి వేరని తేల్చింది షార్ప్ పరీక్ష. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొలిన్ బేజెంట్, మార్టిన్ లాండ్రే నడిపిన ఈ పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. 9,270 మంది రోగులు. అందులో 3,023 మంది మాత్రమే అప్పటికి డయాలసిస్‌లో ఉన్నారు. ఇచ్చింది సిమ్వాస్టాటిన్ 20, ఎజెటిమైబ్ 10 కలిపిన మాత్ర. దాదాపు అయిదేళ్లలో కొవ్వు పూడిక వల్ల వచ్చే పెద్ద ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. కిడ్నీ పాడయ్యే వేగం మాత్రం తగ్గలేదు. ఇది రోగులకు స్పష్టంగా చెప్పవలసిన మాట: స్టాటిన్ ఇస్తున్నది గుండె కోసం, రక్తనాళాల కోసం. క్రియాటినిన్ దిగుతుందని ఎదురుచూడకూడదు.

ఇప్పుడు 20 దగ్గరికి వద్దాం. పట్టికలోని అంకెల వెనక ఒక్కో పరీక్ష నిలబడి ఉంది. అటోర్వాస్టాటిన్ 20 అంటే 4డీలో ఇచ్చిన మోతాదు. రోసువాస్టాటిన్ 10 అరోరాది. సిమ్వాస్టాటిన్ 20, ఎజెటిమైబ్ 10 షార్ప్‌ది. కిడ్నీ రోగుల్లో వాడి, ప్రమాదం లేదని చూసిన మోతాదు ఎంతో అంతే రాశారు. శరీరం ఎంత తట్టుకోగలదన్న ఊహను రాయలేదు. ఫలితం దక్కని రెండు పరీక్షల నుంచి కూడా భద్రమైన మోతాదు అనే పనికొచ్చే ముక్కను ఏరుకున్నారు. ఓడిన పరీక్షను పారేయకుండా ఇలా వాడుకోవడం నాకు గొప్ప పనితనం అనిపిస్తుంది.

ఆగడం వల్ల పోయేది కూడా ఎక్కువేమీ కాదు. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ మరో 6 శాతం మాత్రమే తగ్గుతుంది. పెరిగేది కండరాలకు హాని కలిగే అవకాశం. కిడ్నీ రోగుల్లో అది ముందే కాస్త ఎక్కువ. స్టాటిన్ పెంచకుండా ఎజెటిమైబ్ చేరిస్తే అంతకంటే బాగా తగ్గుతుంది. షార్ప్ రూపకర్తలు ఆ మాత్రను ఎంచుకోవడం వెనక ఉన్న ఆలోచన అదే.

రోసువాస్టాటిన్ విషయంలో శరీరం కూడా పరీక్షలతో గొంతు కలుపుతుంది. ఒంట్లోకి చేరిన మందులో పావు వంతుకు పైగా కిడ్నీల ద్వారానే పోవాలి. కిడ్నీ పనితనం 30 కంటే దిగువకు పడితే రక్తంలో ఈ మందు దాదాపు మూడు రెట్లవుతుంది. అందుకే అక్కడ 5తో మొదలుపెట్టి 10 దాటకూడదు. మనవాళ్లకు ఇంకో లెక్క ఉంది. సింగపూర్‌లో చేసిన పోలికలో చైనీయుల్లో, మలయ్ జాతివారిలో, భారతీయుల్లో ఒకే మోతాదుకు తెల్లవారి కంటే ఎక్కువ మందు రక్తంలో కనిపించింది. ఆసియా మూలాలవారికి 5తోనే మొదలుపెట్టాలని అమెరికా లేబుల్ చెప్పేది ఇందుకే. ఇక 40 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్‌ను తొలి దశల కిడ్నీ జబ్బులో కూడా వద్దన్నారు. షుగర్‌తో మూత్రంలో ప్రొటీన్ పోతున్న రోగుల మీద జరిపిన ప్లానెట్ పరీక్ష పూర్తి ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అటోర్వాస్టాటిన్ 80 ఇచ్చిన గుంపులో ప్రొటీన్ తగ్గింది. రోసువాస్టాటిన్ 40 ఇచ్చిన గుంపులో ప్రొటీన్ తగ్గలేదు సరికదా, కిడ్నీ పనితనం మరింత దిగింది.

ఈ సూచనలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహా రోగి మీద చూద్దాం. నరసరావుపేటలో కాలేజీ లెక్చరరు, వయసు 56, పద్నాలుగేళ్లుగా షుగర్. క్రియాటినిన్ 2.1. వయసుతో కలిపి లెక్కిస్తే కిడ్నీ పనితనం, అంటే ఈజీఎఫ్ఆర్, 36 వస్తుంది. ఎల్‌డీఎల్ 96, ల్యాబ్ కాగితంలో దాని పక్కన ఎర్ర గుర్తేమీ లేదు. "కొలెస్టరాల్ బాగానే ఉంది కదండీ, మళ్లీ ఈ మాత్ర ఎందుకు?" అని ఆయన భార్య డాక్టరును అడుగుతుంది. సబబైన ప్రశ్న. కానీ మార్గదర్శకం ఎల్‌డీఎల్ ఎంత అని అడగనే అడగదు. వయసు 50 దాటిందా, ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఉందా, డయాలసిస్ మొదలవలేదు కదా అన్న మూడే దానికి కావాలి. ఆ వయసు దాటిన కిడ్నీ రోగుల్లో, షుగర్ లేకపోయినా, పదేళ్లలో గుండెపోటు లేదా గుండె మరణం వచ్చే అవకాశం 10 శాతానికి మించి ఉంటుంది. మందు ఇవ్వడానికి ఆ ముప్పు చాలు. కాబట్టి అటోర్వాస్టాటిన్ 20 రాస్తారు.

అలాగని మొదటి లిపిడ్ పరీక్ష దండగ కాదు. ఎల్‌డీఎల్ 190 దాటినా, ట్రైగ్లిసరైడ్లు 1,000 దాటినా వెనక ఇంకేదో ఉందేమో వెతకాలి: థైరాయిడ్ లోపమో, మూత్రంలో విపరీతంగా ప్రొటీన్ పోవడమో, వంశంలో వచ్చే లోపమో. ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష చేసి మోతాదు మార్చనక్కర్లేదంటుంది మార్గదర్శకం.

రెండేళ్లకు లెక్చరరు గారి ఈజీఎఫ్ఆర్ 24కు దిగిందనుకుందాం. అటోర్వాస్టాటిన్ 20 అలాగే ఉంటుంది. అదే వేరే చోట ఎవరైనా రోసువాస్టాటిన్ 20 రాసి ఉంటే ఇప్పుడు ఆ చీటీ తప్పు; మోతాదు తగ్గించాలి, లేదా మందు మార్చాలి. ఇంకొన్నేళ్లకు డయాలసిస్ మొదలైంది. అప్పుడు స్టాటిన్ ఆపరు, కొనసాగిస్తారు. పక్క మంచం మీద 52 ఏళ్ల గృహిణి ఉంది. ఆమె ఇంతవరకు స్టాటిన్ ఎప్పుడూ వేసుకోలేదు, ఎల్‌డీఎల్ 118. ఆమెకు కొత్తగా మొదలుపెట్టవద్దంటారు.

పక్కపక్క మంచాల మీద ఒకే జబ్బుకు రెండు తీర్పులు. తికమకగా కనిపించే ఈ చోటే రచనలో అన్నిటికంటే జాగ్రత్తగా చెక్కిన భాగం. ఆమె పరిస్థితి 4డీ, అరోరా రోగులది. ఆయన పరిస్థితి షార్ప్‌లో డయాలసిస్‌కు ముందే మందు మొదలుపెట్టినవాళ్లది. వాళ్లలో మూడోవంతు మంది పరీక్ష నడుస్తుండగానే కిడ్నీలు పూర్తిగా పాడయ్యే దశకు చేరారు, అయినా మొత్తం మీద లాభం కనిపించింది. మాటల బరువులోనూ అంతే శ్రద్ధ. యాభై దాటినవారికి మందు ఇవ్వాలన్న చోట 'సిఫారసు చేస్తున్నాం' అన్నారు. ఆధారం అత్యున్నత శ్రేణి. డయాలసిస్‌లో మొదలుపెట్టవద్దన్న చోట 'సూచిస్తున్నాం' అని మాత్రమే అన్నారు. అంటే ఇటీవలే గుండెపోటు వచ్చిన డయాలసిస్ రోగి తనకు కావాలంటే, డాక్టరు చర్చించి ఇవ్వడానికి తలుపు తెరిచే ఉంది. తమ పరీక్ష విఫలమైతే దాన్ని దాచకుండా ఆ ఫలితాన్నే సూచనగా రాసిన వానర్ నిజాయితీ ఈ వాక్యాల్లో చదవవచ్చు.

నాకు అసంతృప్తి కలిగే చోటు ఒకటుంది. 18 నుంచి 49 ఏళ్లవారికి షుగరో, గుండె జబ్బో, పాత పక్షవాతమో, లెక్కగట్టిన పదేళ్ల ముప్పు 10 శాతం దాటడమో ఉంటేనే మందు సూచించారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడుతున్న రైతులు, కూలీల్లో చాలామంది షుగర్ లేనివాళ్లు, నడివయసు వాళ్లు. 44 ఏళ్ల జీడితోట కూలీ ఈజీఎఫ్ఆర్ 35తో వస్తే పట్టిక ఆయన గురించి దాదాపు మౌనం వహిస్తుంది. పరీక్షల్లో ఆయనలాంటివాళ్లు లేరు కాబట్టి ఆ మౌనాన్ని తప్పనలేను. అది నింపవలసిన పరిశోధన ఉద్దానంలోనే జరగాలి.

అందరూ ఈ దారిలో నడవడం లేదు. యూరప్ గుండె వైద్యుల సంఘం 2019లో కిడ్నీ రోగులకు కూడా ఎల్‌డీఎల్ లక్ష్యాలు పెట్టింది: మధ్యస్థ జబ్బుకు 70 లోపు, తీవ్రమైన జబ్బుకు 55 లోపు. స్టెంటు పడిన కిడ్నీ రోగికి కార్డియాలజిస్టు అటోర్వాస్టాటిన్ 40 రాస్తే, నెఫ్రాలజిస్టు 20 చాలంటే, ఇద్దరూ వేర్వేరు పుస్తకాల నుంచి మాట్లాడుతున్నారని అర్థం. వాళ్లిద్దరినీ మాట్లాడుకోమని అడిగే హక్కు రోగికి ఉంది.

స్టాటిన్ వాడుతున్న కిడ్నీ రోగులకు నా మనవి ఇది. మాత్ర పేరు, మిల్లీగ్రాములు, తాజా ఈజీఎఫ్ఆర్ ఒకే కాగితం మీద రాసి ప్రతి డాక్టరుకూ చూపించండి. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ రాసినా, ట్రైగ్లిసరైడ్లకు ఫెనోఫైబ్రేట్ రాసినా, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ మొదలైనా ఆ కాగితం మళ్లీ తీయండి. ఇవి స్టాటిన్‌తో కలిస్తే కండరాలకు ముప్పు. ఒళ్లంతా కారణం లేని కండరాల నొప్పి, నీరసం వచ్చి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సీపీకే పరీక్ష చేయించుకోండి. అలాంటిదేమీ లేనప్పుడు, కొలెస్టరాల్ మామూలుగా వచ్చిందని మాత్ర మీ అంతట మీరు ఆపకండి.