‘ముస్లిం’ అన్న మాట ఎక్కడ జారింది?

యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో ఒకే సాయంత్రం రెండు వాదనలు విన్నాను. మొదటిది నా వెంట వచ్చిన లెక్చరర్ మిత్రుడిది. సెక్యులర్ మనిషి, మన కష్టం తెలిసినవాడు. ‘మతం ఆధారంగా రిజర్వేషన్ ఇవ్వడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. బీసీ-ఇ అంటే ముస్లిం రిజర్వేషన్. ముస్లిం అంటే మతం. కనుక అది చెల్లదు. ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు భాయ్’ అన్నాడు.

రెండో వాదన పక్క బల్ల మీంచి వచ్చింది. మా గల్లీలో అందరూ గౌరవించే సయ్యద్ చాచా అందుకున్నారు. ‘అదంతా కాదు బేటా. ఇస్లాంలో జాత్‌పాత్ లేదు. మనమంతా ముస్లింలం. కనుక మనలో కులాల్లేవు. ఈ బీసీ-ఇ మనల్ని చీల్చడానికే పుట్టింది’ అన్నారు.

మూల బల్ల దగ్గర మా గల్లీకంతటికీ క్షవరం చేసే హజామ్ కూర్చుని ఉన్నాడు. రెండూ విన్నాడు. ఏమీ అనకుండా చాయ్ తాగి, గ్లాసు పెట్టి లేచిపోయాడు. బీసీ-ఇ జాబితాలో ఉన్నది ఆయన కులం. మాట్లాడినవాళ్లది కాదు.

రెండు వాదనలూ చూడ్డానికి మెట్టు మీద మెట్టు పేర్చినట్టే ఉన్నాయి. కానీ రెండింటిలోనూ ఒక మాట మొదటి మెట్టు మీద ఒక అర్థంతో ఎక్కి, రెండో మెట్టు మీద ఇంకో అర్థంతో దిగింది. మదర్సాల్లో మంతిక్ చదివినవాళ్లు ఇలాంటి దోషాల్ని ముగాలతా అంటారు. న్యాయశాస్త్రం చదివిన పండితులు వాక్ఛలం గురించి చెబుతూ ‘నవకంబళం’ ఉదాహరణ ఇస్తారు. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి పట్టుకుని, ‘నవ అంటే తొమ్మిది కదా, నీ తొమ్మిది కంబళ్లేవి?’ అని అడగడం. అక్కడ మోసం ఇట్టే దొరికిపోతుంది. ‘ముస్లిం’ అన్న మాట దగ్గర మాత్రం దొరకదు. రెండు అర్థాలూ నిజమైనవే, రెండూ ఒకే మనిషి మీద వాలతాయి కనుక.

పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అనుమానం వచ్చిన మాటను తీసేసి, దాని అర్థాన్ని పూర్తిగా రాసి చూడాలి. వాదన అంతటా ఒకే అర్థం రాయాలి. అప్పుడూ నిలబడితే వాదన సరైనదే.

లెక్చరర్ మిత్రుడి ‘మతం ఆధారంగా’ అన్న మాటనే తీసుకుందాం. రాజ్యాంగం పదిహేనో అధికరణం మతం కారణంగా ‘మాత్రమే’ వివక్ష చూపరాదంటుంది. అక్కడ ఆధారం అంటే కారణం: ఫలానా మతం వాడు గనుక, అంతకు మించి ఏమీ చూడకుండా ఇవ్వడమో తీసెయ్యడమో. రెండో మెట్టు మీద ఆ మాటకు అర్థం వేరు: పొందేవాళ్లంతా ఒకే మతం వాళ్లు. మొదటి అర్థాన్నే రెండో చోటా రాసి చూడండి. ‘బీసీ-ఇ కేవలం ముస్లిం అయినందుకే ఇచ్చిన రిజర్వేషన్’ అవుతుంది. ఇది నిజమా?

2007 చట్టం చూడండి. అందులో అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, హజామ్‌లు, ఖురేషీలు, సిద్దీలు, ఇలా పద్నాలుగు సమూహాల పేర్లున్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా వంటి వాళ్లను పేరు పెట్టి పక్కకు తప్పించారు. ముస్లిం అయినందుకే ఇచ్చి ఉంటే మా సయ్యద్ చాచాకూ రావాలి. ఆయన అయిదు పూటలా నమాజు చదువుతారు, అయినా రాదు. ఇంకో వైపు నుంచి చూడండి. బట్టలుతికే రజకులు, క్షవరం చేసే మంగళ్లు బీసీ-ఎ లో ఉన్నారు. దాన్ని ఎవరూ హిందూ రిజర్వేషన్ అనరు. అదే పని చేసే ధోబీ ముస్లిం, హజామ్ బీసీ-ఇ లోకి వచ్చేసరికి మాత్రం వృత్తి మాయమై మతం ఒక్కటే కనిపిస్తుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2004లో మొదట అయిదు శాతం ఇచ్చినప్పుడు ప్రభుత్వం ముస్లింలందర్నీ కలిపి ఒకే వెనుకబడిన వర్గం అంది. అప్పుడు లెక్చరర్ మిత్రుడి వాదనకు బలం ఉండేది. న్యాయస్థానంలో అది నిలవలేదు. 2007లో సరుకు మారింది గానీ ‘ముస్లిం రిజర్వేషన్’ అన్న చీటీ మారలేదు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఈ రిజర్వేషన్‌ని తీసేసి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకిస్తామన్నప్పుడు కూడా పనిచేసింది ఆ చీటీయే. వెనుకబడిన కులాల జాబితాలో ఉన్న హజామ్ దగ్గర తీసుకుని వెనుకబడిన కులాలకిస్తామనడం అని ఎంతమందికి తట్టింది?

మాట జారిందని చూపించినంత మాత్రాన రిజర్వేషన్ సరైనదని రుజువైపోదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేసినప్పుడు, బీసీ కమిషన్ సర్వే పద్ధతి సరిగ్గా లేదని కూడా అంది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాకే రిజర్వేషన్ కొనసాగింది. సర్వే మీద ప్రశ్న నిజమైన ప్రశ్న. ఎన్ని ఇళ్లు చూశారు, చదువును ఎలా కొలిచారు అని అడగాలి. జాబితా చివర, పేరు పెట్టి తప్పించినవాళ్లు పోగా ‘ఇతర ముస్లిం సమూహాలు’ అని ఒక పద్దు ఉంది. అక్కడ కులం పేరు లేదు, మతం పేరే ఉంది. ఆ పద్దు మీద అభ్యంతరానికి విలువుంది. కానీ ఇవి లెక్కలతో, ఆధారాలతో తేల్చుకోవలసిన విషయాలు. ‘ముస్లిం అంటే మతం కదా’ అన్న ఒక్క ముక్కతో తేలేవి కావు.

ఇక సయ్యద్ చాచా వాదన. ‘ఇస్లాంలో జాత్‌పాత్ లేదు’ అన్నప్పుడు ఇస్లాం అంటే ధర్మం, లేదు అంటే ఉండకూడదు. ‘మనలో కులాల్లేవు’ అన్నప్పుడు మనం అంటే యాకుత్‌పురా గల్లీల్లోని మనుషులం, లేవు అంటే కనిపించవు. ఉండకూడదన్నది కనిపించదన్నదిగా మారిపోయింది. ఇస్లాంలో వడ్డీ కూడా లేదు. కనుక యాకుత్‌పురాలో వడ్డీకి అప్పు తీసుకున్న ముస్లిం ఒక్కడూ లేడని అనండి, గల్లీలో పిల్లలు కూడా నవ్వుతారు. జాత్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వరు.

నమాజులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం, నిజమే. ఆ సఫ్ మసీదు గడప దాకానే. రిష్తా మాట్లాడుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఖాందాన్ ఏది అని. హజామ్ కొడుకు ఎంత చదివినా సయ్యదుల ఇంటికి రిష్తా పంపడానికి ఎవరికైనా నోరొస్తుందా?

రెండు వాదనల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బయటివాడు ‘నువ్వు ముస్లింవి, కనుక నీది మతమే, కులం కాదు’ అంటాడు. లోపలివాడు ‘నువ్వు ముస్లింవి, కనుక నీకు కులమే లేదు’ అంటాడు. ఇద్దరూ ఒకరికొకరు శత్రువులమనుకుంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే మాట. అది జారిపడ్డది ఒకే మనిషి మీద.

నిజంగా మతం ఆధారంగా, అంటే మతమే కారణంగా, నడిచే నియమం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులంగా గుర్తించాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. పాకీ పని చేసిన మెహతర్ ముస్లిం అయితే అక్కడ చోటు లేదు, బీసీల్లోకి రావాల్సిందే. అక్కడ మనిషి కులాన్ని కాక మతాన్నే అడుగుతున్నారు. ‘మతం ఆధారంగా కూడదు’ అనే మిత్రులు ఆ మాటను అదే అర్థంతో ఇక్కడ కూడా పెట్టి చూడాలి.

మర్నాడు హజామ్‌ని దుకాణంలో అడిగాను, ‘నిన్న ఏమీ అనలేదేం భాయ్?’ అని. కత్తి తోలుపట్టీ మీద నూరుతూ అన్నాడు: ‘నేను ముస్లింనేనా అని ఒకరడిగితే చెప్పొచ్చు సాబ్. హజామ్‌నేనా అన్నా చెప్పొచ్చు. రెండూ ఒకే ప్రశ్న చేసి అడిగితే ఏం చెప్పాలి?’