సగటు చెప్పని సంగతి

మా ఉంగుటూరు ప్రాంతంలో ఎయిర్ రైఫిల్ అనగానే చాలామందికి కొల్లేటి పిట్టలే గుర్తొస్తాయి. అభయారణ్యంలో వేట నేరం, పాపం కూడా. నేను చెప్పేది పది మీటర్ల దూరంలో ఉన్న కాగితపు గురి సంగతి. దాని నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఆ ఆటలో పెల్లెట్ గొట్టం దాటే వేగం కొలిచి చూడడం నాకెంతో ఇష్టమైన పని.

క్రోనోగ్రాఫ్ చేసే పని చిన్నదే. ముప్పై సెంటీమీటర్ల ఎడంలో రెండు కాంతి సెన్సార్లు ఉంటాయి. పెల్లెట్ నీడ మొదటిదాని మీద పడగానే గడియారం మొదలై, రెండోదాని మీద పడగానే ఆగుతుంది. సెకనుకు 174 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌కు ఆ దూరం దాటడానికి 1.72 మిల్లీసెకన్లు చాలు. అందుకే పరికరం కూడా పొరబడుతుంది. గదిలో ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది. ఆ మిణుకునే నీడ అనుకుని ఒక్కోసారి 91 అనో, 340 అనో చూపిస్తుంది. అప్పుడు కాగితం చూడాలి. నిజంగా 91 మీటర్ల వేగంతో పోయి ఉంటే పెల్లెట్ నాలుగు సెంటీమీటర్లకు పైగా కిందికి తగిలేది. రంధ్రం మిగతావాటి పక్కనే ఉంటే ఆ అంకెను కొట్టేయవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. మూడు రైఫిళ్లతో పదేసి షాట్లు కాల్చారనుకోండి. మూడింటికీ సగటు 174.1 మీటర్లే. అన్నిటికన్నా ఎక్కువకూ, తక్కువకూ మధ్య తేడా కూడా మూడింటికీ ఆరు మీటర్లే. సగటు, తేడా మాత్రమే చూసేవాళ్లకు మూడూ ఒకటే. కాల్చిన వరసలో అంకెలు చదివితే మూడు వేర్వేరు జబ్బులు కనబడతాయి.

మొదటి రైఫిల్: తొలి షాట్ 179, తర్వాతి తొమ్మిదీ 174, 173ల మధ్యే. సిలిండర్‌లోని అధిక పీడనాన్ని తగ్గించి చిన్న గదిలోకి పంపేది రెగ్యులేటర్. దాని వాల్వు సరిగ్గా మూసుకోకపోతే రైఫిల్ ఊరికే ఉన్నప్పుడు గాలి మెల్లగా ఆ గదిలోకి జారి పీడనం పెరుగుతుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ కాల్చండి. మళ్లీ మొదటిదే ఎక్కువ వేగంతో వస్తే అనుమానం రెగ్యులేటర్ మీదే. మా వరి, చెరువుల సీమలో గాలి నిండా తేమే. ఆ గాలిని ఆరబెట్టకుండా చేతి పంపుతో ఎక్కిస్తే నీరు లోపల చేరి వాల్వు కూర్చునే చోటును పాడు చేయగలదు.

రెండో రైఫిల్: 171, 176, 172, 175, 177, 171, 174, 176, 173, 176. ఒక క్రమమంటూ లేదు. ఇక్కడ ముందు పెల్లెట్లను చూడాలి. అందరూ త్రాసు తీస్తారు గానీ, బరువు ఒక శాతం మారితే వేగం మారేది దాదాపు అర శాతమే, అంటే 0.9 మీటర్లు. ఆరు మీటర్ల తేడా బరువు వల్లే రావాలంటే పెల్లెట్ల బరువులో ఏడు శాతం తేడా ఉండాలి. మంచి డబ్బాలో అంత ఉండదు. కాబట్టి తోక అంచున నొక్కులున్నాయేమో, పెల్లెట్ తల గొట్టంలో ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా కూర్చుంటోందేమో చూడాలి.

మూడో రైఫిల్: 177 నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ 171. సిలిండర్ పీడనం రెగ్యులేటర్ పెట్టిన స్థాయి కంటే తగ్గిపోయింది, అంతే. గాలి నింపితే సరి.

ఆరు మీటర్ల తేడా నిజంగా లెక్కలోకి వస్తుందా? గాలి నిరోధం వదిలేసి లెక్క కట్టండి. పది మీటర్లలో 179 వేగపు పెల్లెట్ 15.3 మిల్లీమీటర్లు దిగుతుంది, 173 వేగపుది 16.4. తేడా సుమారు 1.1 మిల్లీమీటర్లు. గురి వలయాల మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు కాబట్టి చుక్కకు సూటిగా పైకో కిందికో అంత జరిగితే స్కోరులో 0.4 పోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం సాధించిన కాంప్రియాని స్కోరు 701.5. ఆ మధ్య ఉన్నదీ 0.4 పాయింట్లే.

అందుకే అంకెలను కాల్చిన వరసలోనే రాసుకోమంటాను. పక్కన సిలిండర్ పీడనం, షాట్‌కూ షాట్‌కూ మధ్య ఎంతసేపు ఆగారో కూడా. కారణం దొరికాక ఒక్కదాన్నే మార్చి, అదే గదిలో, అదే డబ్బా పెల్లెట్లతో మళ్లీ పది కాల్చండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే రోగం కుదిరినా ఏ మందుకు కుదిరిందో తెలియదు.